ప్రాజెక్ట్ రూబ్రిక్‌లో వీక్‌గా ఉన్న ఐటమ్‌ని ఎంత పెంచితే గ్రేడ్ మారుద్ది?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రివ్యూ అయ్యాక బ్యాచ్ చేతికి ఒక షీట్ వస్తది, అందులో ఐదో ఆరో వరసలు, ఒక్కో వరసకి పదికి ఇన్ని అని మార్కు, కింద టోటల్. అది చూడగానే అందరి కళ్ళూ అన్నిటికంటే తక్కువ వచ్చిన వరస మీదకే పోతాయి, దీన్ని పెంచేస్తే గ్రేడ్ వచ్చేస్తది కదా అని అక్కడి నుంచే పని మొదలుపెట్టేస్తారు. ఎంత పెంచాలి, అసలు అక్కడ అంత పెంచడానికి చోటుందా, ఆ వరసకి టోటల్‌లో ఎంత బలం ఉంది, ఇవి చూసేవాళ్ళు చాలా తక్కువ. లెక్క చూస్తే ఒక్క భాగహారమే, కానీ ఆ భాగహారానికి ముందూ వెనకా పొరపాటు పడే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి వల్లే చివరి నెల అంతా తప్పు చోట కష్టపడి అర మార్కు దగ్గర ఆగిపోయే బ్యాచ్‌లు ఉంటాయి.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ రూబ్రిక్ షీట్లు ఇంతగా రావడానికి కారణం ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ అక్రెడిటేషన్. ఇంజనీరింగ్ డిగ్రీలని దేశాలు ఒకరివి ఒకరు గుర్తించుకునే ఒప్పందం వాషింగ్టన్ అకార్డ్, అందులో 2014లో ఇండియాకి శాశ్వత సభ్యత్వం వచ్చింది, ఆ పద్ధతిలో ప్రాజెక్ట్‌కి మార్కు వేస్తే ఎందుకు వేశారో చూపించగలగాలి. అందుకే 'బాగుంది, 80 వేద్దాం' అనే పాత అలవాటు పోయి, దేనికెంత అని విడగొట్టి వేయడం వచ్చింది. స్టూడెంట్‌కి దీనివల్ల మంచే జరిగింది, మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పుడు కనపడతాయి కాబట్టి.

ఒక బ్యాచ్‌ని తీసుకుందాం. వాళ్ళ ప్రాజెక్ట్ టమాటా ఆకు ఫొటో తీస్తే ఏ తెగులో చెప్పే యాప్, మన దగ్గర ఏటా ఇలాంటివి చాలా కాలేజీల్లో కనిపిస్తాయి. వాళ్ళ రూబ్రిక్‌లో ఐదు ఐటమ్స్ ఉన్నాయి. సమస్య ఎంచుకోవడం, లిటరేచర్ సర్వే కలిపి వెయిటేజ్ 10. డిజైన్‌కి 20. ఇంప్లిమెంటేషన్‌కి 35. టెస్టింగ్, రిజల్ట్స్‌కి 20. రిపోర్ట్, ప్రజెంటేషన్‌కి 15. అన్నీ కలిపితే 100. ఒక్కోదానికి మార్కు మాత్రం పదికే వేస్తారు. ఈ బ్యాచ్‌కి వరసగా 8, 7, 7, 5, 6 వచ్చాయి. వీళ్ళకి కావాల్సింది 70, అది వస్తే పై గ్రేడ్ అనుకుందాం.

ముందు టోటల్. వెయిటేజ్ 10 ఉన్నదాంట్లో పదికి 8 అంటే 8 మార్కులు. డిజైన్‌లో 20కి పదింట ఏడు వంతులు, 14. ఇంప్లిమెంటేషన్‌లో 35కి పదింట ఏడు వంతులు, 24.5. టెస్టింగ్‌లో 20కి సగం, 10. రిపోర్ట్‌లో 15కి పదింట ఆరు వంతులు, 9. మొత్తం 65.5. ఇంకా 4.5 కావాలి.

ఇప్పుడు వీక్ ఐటమ్ టెస్టింగ్, అక్కడ 5 వచ్చింది. ఇక్కడ చాలామంది చేసే లెక్క ఏంటంటే 4.5 తక్కువైంది కాబట్టి 5ని 9.5 చేయాలి అనుకుంటారు, లేదంటే పదికి కదా, అర మార్కు పెంచితే చాలేమో అనుకుంటారు. రెండూ తప్పే. షీట్‌లో టెస్టింగ్ మార్కు ఒకటి పెరిగితే టోటల్‌లో ఎంత పెరుగుద్ది అనేది చూడాలి. టెస్టింగ్ మొత్తం బరువు 20, దాన్ని పది మెట్లుగా కోశారు, కాబట్టి ఒక్కో మెట్టుకి 2 మార్కులు. కావాల్సిన 4.5ని 2తో భాగిస్తే 2.25. అంటే 5 కాస్తా 7.25 అవ్వాలి. ఎగ్జామినర్ షీట్‌లో పావు మార్కులు వేయడు, 7 వేస్తాడు లేదా 8 వేస్తాడు. 7 వేస్తే టోటల్ 69.5, గ్రేడ్ రాలేదు. 8 వేస్తే 71.5, వచ్చింది. కాబట్టి అసలు సమాధానం 2.25 కాదు, మూడు మెట్లు. ఇక్కడ ఎప్పుడూ పైకే రౌండ్ చేయాలి, దగ్గరి అంకెకి రౌండ్ చేస్తే 2 అని వస్తది, సరిగ్గా ఆ అర మార్కు దగ్గరే బ్యాచ్ ఆగిపోతది. మీ యూనివర్సిటీ ఫైనల్ టోటల్‌ని రౌండ్ చేస్తే 69.5 కాస్తా 70 అయ్యే ఛాన్స్ ఉంది, కానీ అది రెగ్యులేషన్‌లో రాసి ఉందో లేదో చూసుకోకుండా దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

ఎక్సెల్‌లో అయితే వెయిటేజ్‌లు బి కాలమ్‌లో, మార్కులు సి కాలమ్‌లో, టెస్టింగ్ ఐదో వరసలో, టోటల్ డీ7లో పెట్టుకుంటే మొదటి లైన్ టోటల్ ఇస్తది, రెండోది ఎన్ని మెట్లు ఎక్కాలో ఇస్తది.

```
=SUMPRODUCT(B2:B6,C2:C6)/SUM(B2:B6)*10
=CEILING((70-D7)*10/B5,1)
```

మొదటిదాంట్లో వెయిటేజ్‌ల మొత్తంతో భాగించడం ఊరికే పెట్టింది కాదు. సెమిస్టర్ మధ్యలో ఎవరో ఒక ఐటమ్‌కి 15 బదులు 20 చేసి మిగతావి తగ్గించడం మర్చిపోతారు, మొత్తం 105 అవుద్ది, అప్పుడు ఇలా భాగించని షీట్‌లో అందరి టోటల్స్ ఉబ్బిపోతాయి. దీన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది, కాలేజీ వాడే షీట్‌లో అన్ని వరసల్లో ఫుల్ మార్కులు కొట్టి చూడండి, టోటల్ సరిగ్గా 100 రావాలి. రాకపోతే షీట్‌లోనే తప్పుంది. కొన్ని షీట్లలో టెస్టింగ్‌కి మార్కు ఆల్రెడీ 20కి వేసేసి దాన్ని మళ్ళీ వెయిటేజ్‌తో గుణిస్తారు, అంటే బరువు రెండుసార్లు పడింది, అది కూడా ఈ పరీక్షలోనే బయటపడుద్ది. మీరు ఎంత పెంచాలో లెక్కేసే ముందు ఈ పరీక్ష చేయకపోతే తర్వాత చేసేదంతా తప్పు షీట్ మీద లెక్కే.

ఇంకో రకం షీట్లు పదికి కాకుండా నాలుగు లెవెల్స్‌లో ఉంటాయి, ఒకటి అంటే పూర్, నాలుగు అంటే ఎక్సలెంట్. అక్కడ లెవెల్‌ని మార్కుగా ఎలా మార్చారు అనేది చూడాలి. లెవెల్‌ని నాలుగుతో భాగిస్తే అన్నిట్లో పూర్ వచ్చిన బ్యాచ్‌కి కూడా 25 వస్తాయి, టెస్టింగ్‌లో ఒక్కో లెవెల్‌కి 5 మార్కులు. అదే పూర్‌ని సున్నాగా పెట్టి మిగిలిన మూడు మెట్లకి పంచితే ఒక్కో లెవెల్‌కి దాదాపు 6.7. ఒకే వెయిటేజ్, ఒకే లెవెల్, కానీ ఎక్కాల్సిన ఎత్తు వేరే. అన్ని వరసల్లో ఒకటి కొట్టి చూస్తే టోటల్ 25 చూపిస్తదా సున్నా చూపిస్తదా అన్నదాన్ని బట్టి మీది ఏ రకమో తెలిసిపోతది.

మళ్ళీ మన బ్యాచ్ దగ్గరికి. ఆ 5 ఏ వరసలో పడింది అన్నదాన్ని బట్టి కథ ఎంత మారుద్దో చూడండి. ఇవే మార్కులు, 8, 7, 7, 6, 5, వరసలు మాత్రం మారాయనుకుందాం. 5 పోయి సర్వేలో పడింది, అక్కడి 8 టెస్టింగ్‌కి వచ్చింది. మామూలు సగటు తీస్తే అప్పుడూ ఇప్పుడూ 6.6, ఏం తేడా లేదు. కానీ వెయిటేజ్‌తో టోటల్ 65.5 కాస్తా 68.5 అవుద్ది. సర్వేలో మెట్టుకి ఒక్క మార్కే, కావాల్సింది 1.5, అంటే రెండు మెట్లు, 5 నుంచి 7. అదే 5 ఇంప్లిమెంటేషన్‌లో పడి, అక్కడి 7 టెస్టింగ్‌కి పోతే టోటల్ 62.5కి పడిపోతది, 7.5 కావాలి, కానీ అక్కడ మెట్టుకి 3.5 ఉంది కాబట్టి మూడు మెట్లు ఎక్కితే సరిపోతది. బరువు ఎక్కువ ఉన్న వరసలో తక్కువ వస్తే దెబ్బ గట్టిగా తగులుద్ది, కోలుకోవడం కూడా అంతే స్పీడ్‌గా ఉంటది. బరువు తక్కువ ఉన్నదాంట్లో దెబ్బా చిన్నదే, దాన్ని ఎంత తోమినా వచ్చేదీ చిన్నదే.

ఇక్కడే నేను గట్టిగా చెప్పాలనుకునే మాట ఉంది. అన్నిటికంటే తక్కువ మార్కు వచ్చిన వరస, అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయిన వరస, ఈ రెండూ ఒకటే అవ్వాలని రూల్ ఏం లేదు. మన మొదటి షీట్‌లోనే చూడండి, టెస్టింగ్‌లో పోయింది 10, ఇంప్లిమెంటేషన్‌లో 7 వచ్చినా సరే పోయింది 10.5. డిజైన్‌లో 6, రిపోర్ట్‌లో 6, సర్వేలో 2. ఈ పోయిన మార్కుల వరస ఒకటి షీట్ పక్కన రాసుకుంటే చాలా విషయాలు తేలిపోతాయి. ముఖ్యంగా సీలింగ్ ఎక్కడుందో తెలుస్తది. ఈ బ్యాచ్‌కే 70 కాదు 80 కావాలి అంటే 14.5 తక్కువైంది, టెస్టింగ్‌లో పదికి పది తెచ్చుకున్నా వచ్చేది 10 మార్కులే, టోటల్ 75.5 దగ్గర ఆగిపోతది. భాగహారం 7.25 మెట్లు అని చెప్తది, మిగిలి ఉన్నది ఐదు మెట్లే. ఇలా వచ్చినప్పుడు వీక్ ఐటమ్ ఒక్కదానితో పని జరగదని అర్థం, ఇంకో వరసని కూడా కదపాల్సిందే.

మరి 70కే అనుకుంటే టెస్టింగ్‌ని 5 నుంచి 8 చేయాలా, ఇంప్లిమెంటేషన్‌ని 7 నుంచి 9 చేయాలా? లెక్క ప్రకారం ఇంప్లిమెంటేషన్‌లో 1.29 మెట్లు చాలు, పైకి రౌండ్ చేస్తే రెండు, టోటల్ 72.5. మెట్లు తక్కువ కాబట్టి అదే ఈజీ అనిపిస్తది. నేను మాత్రం టెస్టింగ్ వైపే ఉంటాను, కారణం ఆ మెట్ల మధ్య ఉన్న పని. 7 నుంచి 9కి పోవాలంటే కొత్త మాడ్యూల్ రాయాలి, ఉన్నది పాడవకుండా కలపాలి, డెమో రోజు అది ఆడాలి. 5 నుంచి 8కి పోవడానికి ఏం కావాలో రూబ్రిక్‌లో ఆ గడిలో రాసిన వాక్యం చదివితే తెలుస్తది, మామూలుగా 5 దగ్గర 'టెస్టింగ్ చేశారు, పరిమితంగా ఉంది' అన్నట్టు ఉంటది, 8 దగ్గర 'వేరే డేటాతో పరీక్షించి, వేరే పద్ధతులతో పోల్చి, లోపాలు విశ్లేషించారు' అన్నట్టు ఉంటది.

ఈ ఆకు తెగులు యాప్‌లో ఆ తేడా ఎలా ఉంటదో దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మార్కు పెంచడం అంటే చివరికి ఇదే. ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా వాడేది ప్లాంట్‌విలేజ్ డేటాసెట్. యాభై వేలకి పైగా ఫొటోలు, ఒక్కో ఫొటోలో ఒక్కటే ఆకు, వెనక శుభ్రమైన బ్యాక్‌గ్రౌండ్. దాన్నే రెండుగా విడగొట్టి ఒక ముక్కతో ట్రైన్ చేసి ఇంకో ముక్కతో టెస్ట్ చేస్తే యాక్యురసీ ఆకాశంలో ఉంటది. 2016లో ఈ డేటాసెట్ మీదే వచ్చిన పేపర్‌లో అలా చేస్తే 99.35 శాతం వచ్చింది, అదే మోడల్‌కి వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే 31 శాతం దగ్గరికి పడిపోయింది, ఆ సంగతి ఆ పేపర్ వాళ్ళే దాచకుండా రాశారు. మన బ్యాచ్ చేసింది మొదటి సగమే, స్లైడ్‌లో 98 శాతం అని పెట్టి ఆపేశారు. అందుకే 5.

ఎగ్జామినర్‌కి అది ఎలా తెలుస్తది అంటే, పొలంలో తీసిన ఫొటో ఒకటి ఇచ్చి ఇది చూపించండి అంటాడు. చుట్టూ మట్టి, పక్క కొమ్మలు, సగం నీడ, ఒకే ఫొటోలో నాలుగు ఆకులు ఉంటాయి, యాప్ ధైర్యంగా తప్పు చెప్తది. ఇంకో గుర్తు, ఫొటోలని తిప్పి, కోసి కాపీలు పెంచాక అప్పుడు ట్రైన్, టెస్ట్‌గా విడగొట్టి ఉంటారు, అంటే ఒకే ఆకు కాపీలు రెండు వైపులా ఉన్నాయి, మోడల్ ఆల్రెడీ చూసిన ఆకునే పరీక్షలో మళ్ళీ చూస్తది. ముందు విడగొట్టారా, ముందు పెంచారా అని ఒక్క ప్రశ్న అడిగితే తెలిసిపోతది.

దీన్ని 8కి తీసుకెళ్ళడం చేయగలిగే పనే. మదనపల్లె చుట్టుపక్కల తోటల్లాంటి చోటికి వెళ్ళి, మామూలు ఫోన్‌తో, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెలుగుల్లో కొన్ని వందల ఫొటోలు తీయాలి. ఏది ఏ తెగులో వ్యవసాయం చదివినవాళ్ళతో చెప్పించుకుని లేబుల్ వేయాలి, ఆ ఫొటోల్లో ఒక్కటి కూడా ట్రైనింగ్‌లోకి పోకూడదు. రిజల్ట్‌ని ఒక్క శాతంగా కాకుండా ఏ తెగులుని ఏ తెగులు అనుకుంది అని టేబుల్‌గా పెట్టాలి. ఎర్లీ బ్లైట్‌ని లేట్ బ్లైట్ అనుకోవడం వేరు, తెగులున్న ఆకుని బాగుంది అనడం వేరు, రైతుకి రెండోదే ఎక్కువ నష్టం. దాని పక్కన ఇంకో సింపుల్ మోడల్ రిజల్ట్ పెట్టి పోల్చాలి. తప్పు చెప్పిన ఫొటోలు కొన్ని స్లైడ్‌లో చూపించి ఎందుకు తప్పిందో రాయాలి.

ఇక్కడ పిల్లలు వెనకాడే కారణం ఒకటుంది, పొలం ఫొటోలతో టెస్ట్ చేస్తే 98 కాస్తా 60లకి పడిపోతది, అప్పుడు మార్కు ఇంకా తగ్గదా అని. రూబ్రిక్‌లో ఆ వరస పేరు మళ్ళీ చదవండి, అది యాక్యురసీకి వేసే మార్కు కాదు, టెస్టింగ్ ఎంత బాగా చేశారు అన్నదానికి వేసే మార్కు. తక్కువ నంబర్‌ని సరిగ్గా కొలిచి చూపిస్తే ఆ వరసలో మార్కు పెరుగుద్ది. అయితే ఒక జాగ్రత్త, ఇంప్లిమెంటేషన్ వరసలో 'సిస్టమ్ అనుకున్నట్టు పనిచేస్తోంది' అనే మాట ఉంటే ఆ వరసలో ఒక మెట్టు పోయే ఛాన్స్ ఉంది, అక్కడ మెట్టుకి 3.5 పోతది. అలా పోతే టెస్టింగ్ 8 వచ్చినా టోటల్ 68 దగ్గర ఆగుద్ది, 9 వచ్చినా సరిగ్గా 70. కాబట్టి యాప్ పరిధిని ముందే రిపోర్ట్‌లో రాసుకోవాలి, ఒక్క ఆకు దగ్గరగా తీసిన ఫొటోకే ఇది పనిచేస్తది అని డిజైన్‌లోనే చెప్తే, పొలం టెస్ట్ దాని హద్దుని చూపించినట్టు అవుద్ది, యాప్ ఫెయిల్ అయినట్టు అవ్వదు.

టెస్టింగ్‌లో మూడు మెట్లు నమ్మకం లేకపోతే పంచుకోవచ్చు. టెస్టింగ్ 7కి తెచ్చి, రిపోర్ట్‌ని 6 నుంచి 7 చేస్తే 4 ప్లస్ 1.5, టోటల్ 71. రిపోర్ట్‌లో ఆ ఒక్క మెట్టుకి చాలాసార్లు బొమ్మలకి నంబర్లు, రిఫరెన్సులు ఒకే పద్ధతిలో ఉండటం, గైడ్ ఎర్ర పెన్నుతో రాసినవి నిజంగా సరిచేయడం చాలు. నాకైతే ఇదే అన్నిటికంటే సేఫ్ రూట్ అనిపిస్తది, ఎందుకంటే ఏ ఒక్క వరసలోనూ ఎగ్జామినర్ మనసు గెలవాల్సిన అవసరం ఉండదు.

ఇంతవరకూ చేసిన లెక్క అంతా మార్కులు మొత్తం ఇంకా తెరిచే ఉన్నాయి అనుకుని చేసింది. నిజంలో ఇంటర్నల్ అయిపోయి ఉంటది. ఇంటర్నల్‌కి 40, ఎక్స్‌టర్నల్‌కి 60, రెండింటికీ ఇదే రూబ్రిక్ అనుకుందాం. ఇంటర్నల్‌లో 65.5 శాతం చొప్పున 26.2 వచ్చి ఫ్రీజ్ అయిపోయాయి. 70కి కావాల్సిన మిగతా 43.8 ఎక్స్‌టర్నల్ 60లోంచే రావాలి, అంటే అక్కడ 73 శాతం. మిగతా నాలుగు వరసలు అలాగే ఉంటే టెస్టింగ్ ఒక్కటే 65.5ని 73 చేయాలి, 7.5ని 2తో భాగిస్తే 3.75 మెట్లు, పైకి నాలుగు, 5 కాస్తా 9 అవ్వాలి. ముందు 8 చాలు అనుకున్న చోట ఇప్పుడు 8 వస్తే టోటల్ 69.1. అందుకే ఈ లెక్క మొదటి రివ్యూ షీట్ వచ్చిన వారమే వేయాలి. ఒక్కో రివ్యూ ఫ్రీజ్ అయ్యేకొద్దీ అదే లోటుకి ఎక్కాల్సిన మెట్లు పెరుగుతాయి, పదికి పైన మెట్లు ఎలాగూ లేవు.

కొన్ని రెగ్యులేషన్లలో ప్రతి వరసలోనూ కనీసం ఇంత రావాలి అని ఇంకో షరతు ఉంటది, పదికి 4 రాకపోతే టోటల్ ఎంతున్నా మళ్ళీ చేయమంటారు. అలాంటి చోట ఆ గీత కింద ఉన్న వరసకి వెయిటేజ్ 5 ఉన్నా సరే ముందు దాన్నే గీత దాటించాలి, ఈ భాగహారం అంతా ఆ తర్వాతే. అలాగే ఎక్స్‌టర్నల్‌లో ఇద్దరు మార్కులు వేసి సగటు తీస్తే అర మెట్లు కూడా దొరుకుతాయి. ఇంటర్నల్ ఇంకా ఫ్రీజ్ కాని మన మొదటి లెక్కలో ఒకరు 7, ఒకరు 8 వేస్తే 7.5, కావాల్సిన 7.25 దాటేసింది, టోటల్ 70.5.